కోడ్ కరెక్టే, ఫోన్ టైమే తప్పు: ఈ ఒక్క మాట లాగిన్ పేజీ ఎందుకు చెప్పదు?

ఆగస్టులో ఒకరోజు పొద్దున ఆరున్నరకి వాట్సాప్ కాల్ వచ్చింది. ఎంఎస్ కోసం డాలస్ వెళ్లి అప్పటికి రెండు రోజులైన నా బీటెక్ క్లాస్‌మేట్. అక్కడ రాత్రి ఎనిమిది. "రేయ్, యూనివర్సిటీ పోర్టల్‌లోకి వెళ్లలేకపోతున్నా. పాస్‌వర్డ్ తీసుకుంటోంది. అథెంటికేటర్ కోడ్ కొడితే మాత్రం Invalid code అంటోంది. ఫీజు కట్టడానికి ఈ రాత్రే లాస్ట్ రా" అన్నాడు. అప్పటికే నాలుగుసార్లు ట్రై చేశాడు. ఇంకోసారి తప్పయితే అకౌంట్ లాక్ అవుతుందని పేజీలో రాసి ఉంది. కోడ్ ఎందుకు తప్పయిందో మాత్రం ఎక్కడా రాసి లేదు.

వాడి ప్లాన్ ఏంటంటే, యాప్‌లో ఆ అకౌంట్‌ని డిలీట్ చేసి మళ్లీ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం. "ముందు ఫోన్ పక్కన పెట్టు, ఏదీ డిలీట్ చేయకు" అని అరిచినంత పని చేశాను. ఎందుకంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను సరిగ్గా ఆ పనే చేశా. ఆఫీస్ వీపీఎన్ కోడ్ పనిచేయట్లేదని యాప్‌లో ఎంట్రీ పీకేశాను. తర్వాత తెలిసింది, కొత్త క్యూఆర్ చూపించే పేజీకి వెళ్లాలన్నా ముందు పాత కోడ్‌తో లాగిన్ అవ్వాలి. సపోర్ట్ వాళ్లు రీసెట్ చేసేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంకా కామెడీ ఏంటంటే, కొత్త క్యూఆర్ స్కాన్ చేశాక కన్ఫర్మ్ చేయడానికి అడిగిన కోడ్ కూడా రిజెక్ట్ అయింది. క్యూఆర్‌లో తప్పేమీ లేదు మరి. నా ఫోన్ టైమ్ రెండు నిమిషాలు వెనక ఉంది.

ఇది ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే, అథెంటికేటర్ కోడ్‌కీ బ్యాంక్ ఎస్ఎంఎస్‌లో వచ్చే ఓటీపీకీ తేడా తెలియాలి. ఎస్ఎంఎస్ ఓటీపీని సర్వర్ తయారు చేసి మీకు పంపుతుంది. మీ ఫోన్ టైమ్ ఏదైనా దానికి పట్టదు. అథెంటికేటర్ కోడ్‌ని ఎవరూ పంపరు. ఫోనే లోపల లెక్కకట్టి చూపిస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా కోడ్‌లు మారుతూనే ఉంటాయి, గమనించే ఉంటారు. అదే సమయానికి సర్వర్ కూడా తన దగ్గర అదే లెక్క వేస్తుంది. రెండూ ఒకటైతే లోపలికి రానిస్తుంది.

ఆ లెక్కకి కావాల్సినవి రెండే. ఒకటి, మొదట్లో క్యూఆర్ ద్వారా ఫోన్‌లోకి వచ్చిన రహస్య కీ. రెండోది టైమ్. 1970 జనవరి 1 నుంచి ఇప్పటివరకు గడిచిన సెకన్లని తీసుకుని 30తో భాగిస్తారు. వచ్చిన పూర్ణసంఖ్యని రహస్య కీతో కలిపి హెచ్‌మ్యాక్ అనే ఫంక్షన్‌లో వేస్తే ఒక పొడవాటి విలువ వస్తుంది, అందులోంచి 6 అంకెలు తీస్తారు. దీని పేరు టీఓటీపీ. 2011లో వచ్చిన RFC 6238 అనే డాక్యుమెంట్‌లో ఈ పద్ధతంతా ఉంది. ఆ పూర్ణసంఖ్యని మనం 'స్టెప్ నంబర్' అనుకుందాం. ప్రతి 30 సెకన్లకి అది ఒకటి పెరుగుతుంది, అందుకే కోడ్ కూడా 30 సెకన్లకోసారి మారుతుంది. స్టెప్ నంబర్‌లో ఒక్కటి తేడా వచ్చినా 6 అంకెలూ పూర్తిగా వేరుగా ఉంటాయి. "దగ్గర్లో ఉంది" అనే మాటే ఉండదు.

ఇక్కడొక విషయం క్లియర్‌గా చెప్పాలి. ఈ సెకన్ల లెక్క యూటీసీలో ఉంటుంది. కాబట్టి టైమ్ జోన్ మారితే కోడ్ మారదు. హైదరాబాద్‌లో ఉన్న ఫోన్, డాలస్‌లో ఉన్న ఫోన్, రెండిట్లో ఒకే కీ ఉంటే ఒకే క్షణంలో ఒకే కోడ్ చూపిస్తాయి. మరి అమెరికా వెళ్లగానే మావాడికి ప్రాబ్లమ్ ఎందుకొచ్చింది?

"ఫోన్ టైమ్ ఎంత చూపిస్తోంది?" అని అడిగా. "8:04. కరెక్టే రా, గోడ మీద గడియారం కూడా అంతే" అన్నాడు. ఒక నిమిషం నాకూ ఏమీ తోచలేదు. స్క్రీన్‌షాట్ పంపమన్నా. పైన స్టేటస్ బార్‌లో 8:04 పీఎం. కింద నేను అప్పుడే పంపిన మెసేజ్ పక్కన 6:34 ఏఎం. అక్కడ దొరికింది దొంగ. ఫోన్‌కి టైమ్ జోన్ ఇంకా ఇండియాదే.

జరిగింది ఇది. కొన్ని నెలల కిందట ఏదో గేమ్‌లో లైఫ్‌లు తొందరగా రావాలని ఆటోమేటిక్ టైమ్ ఆఫ్ చేసి డేట్ ముందుకి జరిపాడు. తర్వాత టైమ్ చేత్తో సరిచేశాడు గానీ ఆటోమేటిక్ ఆన్ చేయడం మర్చిపోయాడు. డాలస్‌లో దిగాక ఫోన్ ఇండియా టైమే చూపిస్తుంటే, జోన్ ముట్టుకోకుండా గంటలు, డేట్ చేత్తో వెనక్కి తిప్పాడు. స్క్రీన్ మీద చూస్తే అంతా పర్ఫెక్ట్. కానీ ఫోన్ మాత్రం "ఇప్పుడు ఇండియాలో ఆగస్టు 13 రాత్రి 8:05" అనుకుంటోంది. అంటే యూటీసీలో మధ్యాహ్నం 2:35. నిజానికి ఆ క్షణంలో యూటీసీ ఆగస్టు 14 తెల్లవారుజామున 1:05. మొత్తం పదిన్నర గంటల తేడా.

వాడి లాప్‌టాప్ టైమ్ ఇంటర్నెట్ నుంచి తీసుకుంటోంది కాబట్టి దాంట్లో ఈ లైన్ రన్ చేయమన్నా:

```
python3 -c "import time; print(int(time.time()) // 30)"
```

సరిగ్గా 8:05కి లాప్‌టాప్‌లో వచ్చిన స్టెప్ నంబర్ 57453250. ఫోన్ అనుకుంటున్న టైమ్‌తో అదే లెక్క వేస్తే 57451990. పదిన్నర గంటలంటే 37,800 సెకన్లు, 30తో భాగిస్తే 1260 స్టెప్‌లు. వాడి ఫోన్ చూపిస్తున్నది 1260 కోడ్‌ల కిందటి కోడ్. ఎంత జాగ్రత్తగా టైప్ చేస్తే మాత్రం ఏం లాభం?

సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోమేటిక్ టైమ్, ఆటోమేటిక్ టైమ్ జోన్ రెండూ ఆన్ చేయించా. ఫోన్ మీద గడియారం అలాగే 8:06 చూపించింది. "ఏమీ మారలేదుగా" అన్నాడు. కంటికి కనిపించేది మారలేదు, లోపల యూటీసీ మారింది. తర్వాతి కోడ్ కొట్టగానే పోర్టల్ ఓపెన్ అయింది.

పదిన్నర గంటల తేడా నయం. కోడ్ ఎప్పుడూ పనిచేయదు కాబట్టి ఏదో పెద్ద తేడా ఉందని అనుమానం వస్తుంది. అసలు తలనొప్పి చిన్న తేడాతో. అప్పుడు కోడ్ ఒకసారి పనిచేస్తుంది, ఇంకోసారి చేయదు.

మనం కోడ్ చూసి టైప్ చేసి పంపేలోపు కొన్ని సెకన్లు గడుస్తాయి కదా. అందుకని చాలా సర్వర్లు ప్రస్తుత స్టెప్‌తో పాటు ముందుదీ, తర్వాతదీ కూడా ఒప్పుకుంటాయి. ఇప్పుడు మీ ఫోన్ 50 సెకన్లు వెనక ఉందనుకోండి. 50 అంటే ఒక పూర్తి స్టెప్, పైన ఇంకో 20 సెకన్లు. కాబట్టి ప్రతి 30 సెకన్లలో 20 సెకన్ల పాటు మీ ఫోన్ సర్వర్ కంటే రెండు స్టెప్‌లు వెనక ఉంటుంది, అప్పుడు రిజెక్ట్. మిగిలిన 10 సెకన్లు మాత్రం ఒక్క స్టెప్పే వెనక, అప్పుడు ఓకే. ఆ 10 సెకన్లు ఎప్పుడొస్తాయంటే, ఫోన్‌లో కొత్త కోడ్ కనబడగానే మొదటి 10 సెకన్లు. "కోడ్ మారగానే గబగబా కొడితే పడుతుంది బ్రో" అని కొందరు టిప్ ఇస్తుంటారు చూడండి, ఆ టిప్ నిజంగా పనిచేస్తుంది. కానీ అలా పనిచేస్తోందంటే మీ ఫోన్ టైమ్ వెనకబడిందని గట్టిగా అనుమానించాలి.

ఫోన్ ముందుంటే కథ తిరగబడుతుంది. 50 సెకన్లు ముందున్న ఫోన్‌లో కోడ్ మారబోయే చివరి 10 సెకన్లలో కొడితేనే తీసుకుంటుంది. అంతకంటే సరదా ఇంకొకటి ఉంది. మీ ఫోన్ 2 నిమిషాలు ముందుంటే, కనిపిస్తున్న కోడ్‌ని కాగితం మీద రాసుకుని 2 నిమిషాలు ఆగి కొట్టండి, పడుతుంది. మీ దగ్గరున్నది 2 నిమిషాల తర్వాత చెల్లబోయే కోడ్ మరి. సెట్టింగ్స్ మార్చే వీల్లేని ఆఫీస్ ఫోన్‌తో ఒకసారి నేనే ఇలా గట్టెక్కా. దీని చీకటి కోణం కూడా గుర్తుంచుకోండి. అన్‌లాక్ చేసిన మీ ఫోన్ ఎవరి చేతికైనా ఇస్తే, టైమ్‌ని రేపు పొద్దున పదికి జరిపి ఆ టైమ్‌కి చెల్లే కోడ్ రాసుకుని, టైమ్ మళ్లీ వెనక్కి పెట్టి ఇచ్చేయొచ్చు. మీకు తెలియను కూడా తెలియదు.

అసలు టైమ్ ఎందుకు జారుతుంది అంటారా? ఫోన్‌లో టైమ్ లెక్కపెట్టేది చిన్న క్వార్ట్జ్ క్రిస్టల్. సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. అది పది లక్షలకి 20 పాళ్లు తప్పినా రోజుకి 1.7 సెకన్లు, నెలకి దాదాపు 50 సెకన్ల తేడా వస్తుంది. నెట్‌కి కనెక్ట్ అయి ఉన్న ఫోన్‌లో ఇది మనకి కనబడదు, ఎప్పటికప్పుడు సరిచేసుకుంటూ ఉంటుంది. ఆ సరిచేసే పద్ధతి ఎన్‌టీపీ. ఆండ్రాయిడ్ ఫోన్లు దీనికి time.android.com అనే సర్వర్‌ని వాడతాయి, ఐఫోన్లు time.apple.com ని.

ఎన్‌టీపీలో ఉన్న తెలివి నాకు భలే ఇష్టం. సర్వర్ "ఇప్పుడు టైమ్ ఇంత" అని చెప్పినా, ఆ జవాబు మన దాకా వచ్చేసరికి కొంత ఆలస్యం అవుతుంది కదా? అందుకే నాలుగు టైమ్‌లు తీసుకుంటారు. మన 50 సెకన్లు వెనకున్న ఫోన్‌నే చూద్దాం. ఫోన్ తన గడియారంలో సరిగ్గా 10:00:00.000కి అడిగింది. సర్వర్‌కి అది చేరింది తన గడియారంలో 10:00:50.040కి. జవాబు పంపింది 10:00:50.041కి. అది ఫోన్‌కి అందింది ఫోన్ లెక్కలో 10:00:00.081కి. వెళ్లేటప్పుడు తేడా 50.040, వచ్చేటప్పుడు 49.960. రెండిటి సగటు సరిగ్గా 50. వెళ్లడానికి పట్టిన ఆలస్యం, రావడానికి పట్టిన ఆలస్యం ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. రెండు ఆలస్యాలూ సమానంగా లేకపోతే కొంచెం తప్పుతుంది. కానీ ఆ తప్పు సెకనులో చిన్న భాగమే. 30 సెకన్ల స్టెప్‌కి అది లెక్కలోకే రాదు.

కాబట్టి ఫిక్స్ సింపుల్. స్టాక్ ఆండ్రాయిడ్‌లో అయితే Settings లో System, అందులో Date & time. శాంసంగ్‌లో General management కింద ఉంటుంది. ఐఫోన్‌లో General లో Date & Time, అక్కడ Set Automatically. అప్పటికే ఆన్‌లో ఉన్నా ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. తర్వాత ఫోన్ బ్రౌజర్‌లో time.is ఓపెన్ చేస్తే మీ టైమ్ ఎన్ని సెకన్లు ముందో వెనకో చెబుతుంది. ఆటోమేటిక్ ఆన్‌లో ఉన్నా తేడా పోవట్లేదంటే హాస్టల్ లేదా ఆఫీస్ వైఫైని అనుమానించండి. ఎన్‌టీపీ వాడే యూడీపీ 123 పోర్ట్‌ని కొన్ని నెట్‌వర్క్‌లు బ్లాక్ చేస్తాయి. మొబైల్ డేటాకి మారి మళ్లీ చూడండి. ఇది కూడా చేశాక కోడ్ రిజెక్ట్ అయితే అప్పుడు టైమ్ నిర్దోషి. వేరే అకౌంట్ కోడ్ కొడుతున్నారేమో చూడాలి, లేదా పాత క్యూఆర్ తాలూకు ఎంట్రీ ఇంకా యాప్‌లో ఉందేమో.

ఇప్పుడు నా కంప్లైంట్‌కి వస్తా. ఇంత సింపుల్ కారణాన్ని లాగిన్ పేజీ ఎందుకు చెప్పదు? Invalid code అని చూడగానే ఎవరైనా ఏమనుకుంటారు? నేనే తప్పు కొట్టానని, లేదా యాప్ పాడైందని. మళ్లీ కొడతారు, లాక్ అవుతారు, యాప్‌లో ఎంట్రీ డిలీట్ చేస్తారు. చివరికి విసుగొచ్చి టూ-స్టెప్ వెరిఫికేషనే తీసేస్తారు. మా ఫ్రెండ్స్‌లో ఇద్దరు అలాగే తీసేశారు, అడిగితే "ఆ యాప్ సరిగ్గా పనిచేయదు" అన్నారు.

కొందరు డెవలపర్లు దీనికి చేసే పని సర్వర్‌లో విండో పెంచేయడం. ముందు వెనక పది నిమిషాల కోడ్‌లన్నీ ఒప్పుకునేలా పెడతారు. ఇది నాకు నచ్చదు. ఒక స్టెప్ అటూ ఇటూ అయితే ఏ క్షణమైనా 3 కోడ్‌లు చెల్లుతాయి. పది నిమిషాలు అటూ ఇటూ అయితే 41 కోడ్‌లు. ఎవరైనా ఊహించి కొట్టే అవకాశం అంతకంత పెరుగుతుంది, మీ భుజం మీద నుంచి కోడ్ చూసినవాడికీ బోలెడంత టైమ్ దొరుకుతుంది. నెట్‌వర్క్ ఆలస్యం కోసం ఒక స్టెప్‌కి మించి ఇవ్వొద్దని RFC 6238 సలహా కూడా.

ఇంకొందరు "సర్వర్ పాత, కొత్త కోడ్‌లతో పోల్చి చూసి, మీ టైమ్ ఇన్ని నిమిషాలు ముందుంది అని చెప్పొచ్చుగా" అంటారు. మొదట నేనూ అదే అనుకున్నా. తర్వాత ఆలోచిస్తే, దొంగ ఊహించి కొట్టిన అంకెలకి "ఇది 5 నిమిషాల తర్వాతి కోడ్" అని జవాబిస్తే, వాడు 5 నిమిషాలు ఆగి దాన్నే కొడతాడు. సాయం చేద్దామని తాళంచెవి ఇచ్చినట్టే.

రహస్య కీ జోలికి వెళ్లకుండానే చేయగలిగిన పని ఒకటుంది. పేజీ లోడ్ అయ్యేటప్పుడు సర్వర్ తన టైమ్‌ని పంపితే చాలు:

```
const diff = Date.now() - serverTime;
if (Math.abs(diff) > 30000) showClockWarning();
```

రెండే లైన్లు. Date.now() ఇచ్చేది కూడా యూటీసీ లెక్కే కాబట్టి, మావాడి ఫోన్‌లో గోడ గడియారంతో సరిపోయి మోసం చేసిన ఆ తప్పుని కూడా ఇది పట్టేస్తుంది. లాగిన్ అవుతున్న ఫోన్‌లోనే అథెంటికేటర్ ఉంటే ఇది సరిపోతుంది. లాప్‌టాప్‌లో లాగిన్ అవుతూ ఫోన్‌లో కోడ్ చూసేవాళ్లకి ఇది పనిచేయదు, అది ఒప్పుకుంటా. వాళ్లకి ఎర్రర్ కింద "ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్, టైమ్ జోన్ ఆన్‌లో ఉన్నాయా?" అని ఒక లైన్ రాస్తే చాలు. క్రోమ్‌ని చూడండి. సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చి, దానికి కారణం మన గడియారమే అయితే Your clock is behind అని మొహం మీదే చెబుతుంది. బ్రౌజర్ చెప్పగలిగిన మాట లాగిన్ పేజీ చెప్పలేదా?

యాప్‌లు కూడా తప్పించుకోలేవు. గూగుల్ అథెంటికేటర్ ఆండ్రాయిడ్ యాప్‌లో చాలా ఏళ్లు Time correction for codes అనే ఆప్షన్ ఉండేది. అది ఫోన్ టైమ్‌ని ముట్టుకోదు. గూగుల్ సర్వర్ టైమ్‌తో తేడా ఎంతో తెలుసుకుని, కోడ్ లెక్కకి మాత్రం ఆ తేడా కలుపుకుంటుంది. మంచి ఐడియానే, కానీ సెట్టింగ్స్ లోపల దాచి, మనమే వెళ్లి నొక్కాలంటే ఎవరికి తెలుస్తుంది? నా ఉద్దేశంలో అథెంటికేటర్ యాప్ ఏదైనా, నెట్ ఉన్నప్పుడు తానే టైమ్ చూసుకోవాలి. 30 సెకన్లు దాటి తేడా ఉంటే కోడ్‌ల పైన ఎర్ర పట్టీ చూపించాలి. నెట్ ముట్టుకోకుండా ఉండటమే మా గొప్ప అని చెప్పుకునే యాప్‌లు కూడా, ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆఫ్‌లో ఉందని ఆండ్రాయిడ్‌ని అడిగి తెలుసుకోవచ్చు. దానికి నెట్ అక్కర్లేదు.

అప్పటివరకు నా పద్ధతి నాది. బ్యాకప్ కోసం అవే కీలు పెట్టిన పాత ఫోన్ ఒకటి నా డ్రాయర్‌లో ఉంటుంది. సిమ్ లేదు, వైఫై ఆఫ్. అలాంటి ఫోన్‌కే నెలకి 50 సెకన్లు జారే ప్రమాదం ఎక్కువ. పూర్తిగా ఛార్జ్ అయిపోయి వారాల తరబడి పడి ఉంటే టైమే మర్చిపోయి ఏదో పాత డేట్‌తో లేస్తుంది. అందుకే నెల మొదటి ఆదివారం దాన్ని ఛార్జింగ్‌లో పెట్టి, ఐదు నిమిషాలు వైఫై ఆన్ చేసి, time.is చూసి, రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి ఒక కోడ్ ఒకటేనా కాదా అని సరిచూసుకుంటా. పోయిన నెల రెండో ఫోన్ 41 సెకన్లు వెనకుంది.